దగ్గర పార్కింగ్ దొరకని చోటికి వెళ్లేటప్పుడు: దూరంగా ఆపి నడవాలా, షటిల్ ఎక్కాలా?

వెన్నెలవాకిలి
వచ్చే శనివారం ఒక పెద్ద సంగీత కార్యక్రమానికి వెళ్తున్నాం. ఆరున్నరకు మొదలు, తొమ్మిదిన్నరకు ముగింపు. మావారు, నేను, ఏడేళ్ల మా అబ్బాయి, 68 ఏళ్ల మా అమ్మ. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నెమ్మదిగా నడుస్తుంది, కానీ ఎక్కువసేపు నిలబడలేదు.

ప్రధాన ద్వారం పక్కనే సుమారు 600 కార్లు పట్టే పార్కింగ్ ఉంది. 1.2 కిలోమీటర్ల దూరంలో ఇంకొక పెద్ద ఖాళీ స్థలంలో కూడా పార్కింగ్ ఏర్పాటు చేశారు. అక్కడి నుంచి పది నిమిషాలకొక షటిల్ బస్సు నడుపుతామని చెబుతున్నారు. పోయినసారి ఆరింటికి చేరుకుని, దగ్గర పార్కింగ్‌లోనే చోటు దొరుకుతుందని నలభై నిమిషాలు చుట్టూ తిరిగాం. లోపలికి వెళ్లేసరికి మొదటి రెండు పాటలు అయిపోయాయి. వాటి కోసమే వచ్చిన అమ్మ ఆ రాత్రి ఏమీ అనలేదు గానీ, నాకు మాత్రం ఆ బాధ పోలేదు.

దగ్గర చోటు కోసం ప్రయత్నించాలా, దూరంగా ఆపి నడవాలా, షటిల్ ఎక్కాలా? ఇలాంటి చోట్లకు తరచూ వెళ్లేవారు చెప్పండి.

కిటికీపక్కసీటు
ఓపిక పడితే దగ్గరే దొరుకుతుందండీ. ఎప్పుడూ ఎవరో ఒకరు బయటికి వెళ్తూనే ఉంటారు. నేను పెద్ద మార్కెట్లకు వెళ్లినప్పుడు ఒకే వరుసలో నెమ్మదిగా తిరుగుతూ, చేతిలో తాళంచెవులతో నడిచే మనిషి కోసం చూస్తాను. ఐదారు నిమిషాల్లో చోటు దొరుకుతుంది. ఊళ్లలో తిరిగే వాహనాల్లో 30 శాతం పార్కింగ్ కోసం వెతికేవేనని ఎక్కడో చదివాను. అంటే అందరూ చేస్తున్న పనే కదా, కంగారు పడకండి.

దారిలెక్క
వెన్నెలవాకిలి గారూ, నేను పదకొండేళ్లుగా పెద్ద కార్యక్రమాలకు వాహనాల రాకపోకల ఏర్పాట్లు చూసే పనిలో ఉన్నాను. కిటికీపక్కసీటు గారి పద్ధతి మార్కెట్‌లో పనిచేస్తుంది. మీ కార్యక్రమంలో పనిచేయదు. ఎందుకో చెబుతాను, అసలు విషయమంతా అక్కడే ఉంది.

300 కార్లు పట్టే మార్కెట్ పార్కింగ్ ఒకటి నిండిపోయి ఉందనుకోండి. వచ్చినవాళ్లు సగటున రెండు గంటలు ఉంటారు. అంటే గంటకు 150 కార్లు బయటికి వెళ్తాయి, నిమిషానికి రెండు మూడు. మీకంటే ముందు పది కార్లు వెతుకుతున్నా నాలుగైదు నిమిషాల్లో మీ వంతు వస్తుంది. అక్కడ ఓపికకు ఫలితం ఉంటుంది.

కచేరీకి వచ్చినవాళ్లు తొమ్మిదిన్నర దాకా కదలరు. ఆరు గంటలకు నిండిన 600 చోట్లలో ఆరున్నర లోపల ఖాళీ అయ్యేది దాదాపు సున్నా. అక్కడ మీరు ఎంతసేపు తిరిగినా, వెళ్లిపోయే మనిషి అనేవాడే లేడు. పోయినసారి మీ నలభై నిమిషాలు అలాగే పోయాయి. అందుకే ఎక్కడికి వెళ్లినా ముందుగా ఒక్కటే అడగాలి: ఇక్కడికి వచ్చినవాళ్లు ఒకరి తరువాత ఒకరు వెళ్లిపోతూ ఉంటారా, లేక అందరూ ఒకేసారి లేస్తారా?

ఇంకా నిండకపోయినా, నిండబోతున్న చోట వెతకడం చాలా త్వరగా కష్టమవుతుంది. 85 శాతం నిండితే సగటున ఏడు చోట్లు చూసేసరికి ఒక ఖాళీ తగులుతుంది. 95 శాతం నిండితే ఇరవై, 99 శాతం నిండితే వంద చూడాలి. పావుగంట ఆలస్యంగా వస్తే పావుగంటే పోతుందనుకుంటాం, కానీ ఈ దశలో పావుగంట తేడాకే ఉన్న చోటు లేకుండా పోతుంది.

ఆ 30 శాతం మాట గురించి. డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు 1927 నుంచి 2001 వరకు వేర్వేరు నగరాల్లో జరిగిన అధ్యయనాలను పోగుచేస్తే వచ్చిన సగటు అది. అవన్నీ రద్దీ ఉంటుందని తెలిసి ఎంచుకున్న వీధులు. అన్ని ఊళ్లకూ, అన్ని వేళలకూ వర్తించే సంఖ్య కాదు.

కిటికీపక్కసీటు
దారిలెక్క గారూ, అందరూ ఒకేసారి లేస్తారన్న తేడా నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ నాలుగున్నరకే వెళ్లి దగ్గర ఆపుకుంటే అసలు ఈ బాధే ఉండదు కదా?

నీలిగోరింట
దీనికి లెక్క ఉందండీ. 2019లో క్రాపివ్‌స్కీ, రెడ్నర్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు పార్కింగ్ పద్ధతులను పోల్చి చూశారు. మొదటి రకం మనిషి ద్వారానికి అన్నిటికంటే దూరంగా ఆగి ఉన్న కారు వెనకాలే ఆపేస్తాడు. రెండో రకం మనిషి నేరుగా ద్వారం దాకా వెళ్లి, చోటు లేకపోతే వెనక్కి వస్తాడు. మూడో రకం మనిషి మధ్యలో కనిపించిన మొదటి సందులో ఆపుతాడు. సగటున మూడో మనిషే లాభపడ్డాడు. కాబట్టి ద్వారం దాకా వెళ్లకండి, మధ్యలో కనిపించిన మొదటి ఖాళీలో పెట్టేయండి.

వెన్నెలవాకిలి
నీలిగోరింట గారూ, ధన్యవాదాలు. అది ఒకే పార్కింగ్ లోపల ఏ చోటు ఎంచుకోవాలన్న దానికి పనికొస్తుందేమో. నా ప్రశ్న దానికంటే ముందుది. ఏ పార్కింగ్‌కు వెళ్లాలి, అక్కడి నుంచి కాలినడకా, బస్సా?

కిటికీపక్కసీటు గారూ, నాలుగున్నరకు వెళ్తే అమ్మను రెండు గంటలు కూర్చోబెట్టాలి. ద్వారాలు ఐదున్నరకు గానీ తెరవరు. అంతసేపు కారులో కూర్చోవడం ఆమెకు నొప్పే.

అడుగులవాడు
నడవండి. 1.2 కిలోమీటర్లంటే పదిహేను నిమిషాలు, నిమిషానికి 80 మీటర్లు నడిచే మామూలు మనిషికి. బస్సు కోసం నిలబడే వేళకే సగం దూరం పోతారు. నేను పదేళ్లలో ఒక్కసారి కూడా షటిల్ ఎక్కలేదు, ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. నడక మన చేతిలో ఉంటుంది, బస్సు వేరేవాళ్ల చేతిలో ఉంటుంది.

మేఘమాల
అడుగులవాడు గారూ, ఆవిడ వాళ్ల అమ్మగారి మోకాళ్ల గురించి చెప్పారు కదా. అందరూ మీలా నడవలేరు. పది నిమిషాలకొక బస్సంటే సగటున ఐదు నిమిషాలే నిరీక్షణ, ప్రయాణం ఇంకొక ఏడెనిమిది. పదమూడు నిమిషాల్లో కూర్చుని వెళ్లిపోతారు. లెక్క ప్రకారం చూసినా షటిలే మేలు.

దారిలెక్క
మీరిద్దరూ చెప్పినవి ఒక్కొక్క షరతు మీద నిజం.

ముందు నడక. నిమిషానికి 80 మీటర్లు సరైనదే, కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు 50 వేసుకోండి. 1.2 కిలోమీటర్లకు 24 నిమిషాలు. మధ్యలో రెండుసార్లు కూర్చోవడానికి పదకొండు నిమిషాలు కలిపితే 35. ఆ 1.2 కిలోమీటర్లు పటంలో గీసిన గీతా, కాళ్లతో నడిచే దారా అన్నది కూడా చూడండి. మధ్యలో పెద్ద రోడ్డు దాటాల్సి వస్తే దారి పెరుగుతుంది. తిరుగు ప్రయాణం చీకట్లో కాబట్టి దీపాలున్నాయో లేదో పగలే తెలుసుకోవాలి.

ఇక షటిల్. ఐదు నిమిషాల సగటు రావాలంటే బస్సులు సమానమైన ఎడంతో రావాలి. సాధారణంగా ఇలాంటి చోట రెండు బస్సులు, ఇరవై నిమిషాల చుట్టు. మొదటి బస్సుకు జనం ఎక్కువగా తగులుతారు, ఎక్కించుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. దాని వెనక వచ్చే బస్సుకు జనం తక్కువ, అది త్వరగా బయలుదేరి ముందు బస్సును దగ్గర చేసుకుంటుంది. కాసేపటికి ఎడం పది, పది కాకుండా పదిహేను, ఐదు అవుతుంది. మీరు వెళ్లే క్షణం పదిహేను నిమిషాల ఖాళీలో పడే అవకాశం మూడు వంతులు, ఐదు నిమిషాల ఖాళీలో పడే అవకాశం ఒక్క వంతు. సగటు ఆరుంబావు నిమిషాలకు చేరుతుంది. రెండు బస్సులూ పూర్తిగా జతకడితే సగటు పది. బస్సుల సంఖ్య మారలేదు, అయినా మీ నిరీక్షణ రెట్టింపయింది. స్టాపు దగ్గర రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తే ఇది జరిగిందని అర్థం. అప్పుడు రెండో బస్సు ఎక్కండి, ఖాళీగా ఉంటుంది.

అయినా వెళ్లేటప్పుడు షటిలే నయం. జనం రెండు గంటల మీద కొద్దికొద్దిగా వస్తారు కాబట్టి బస్సు సరిపోతుంది. అసలు ప్రశ్న వచ్చేటప్పుడు. దానికి వేరే లెక్క ఉంది, రాత్రికి రాస్తాను.

గోధూళి
మా నాన్నగారికి తుంటి శస్త్రచికిత్స అయిన మూడో నెలలో ఇలాగే ఒక ప్రదర్శనకు వెళ్లాం. షటిల్ ఎక్కిద్దామని స్టాపులో నిలబడ్డాం. బస్సు వచ్చింది. మొదటి మెట్టు నేల నుంచి మోకాలి ఎత్తులో ఉంది. నాన్న ఒక చేత్తో కడ్డీ పట్టుకుని కాలు పైకి ఎత్తలేకపోయారు. వెనక నలభై మంది చూస్తూ ఉన్నారు. చివరికి ఆయనే «వద్దురా, నడుద్దాం» అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

కాబట్టి అమ్మగారికి షటిల్ అనుకునే ముందు, ఆ బస్సు మెట్టు ఎంత ఎత్తులో ఉంటుందో నిర్వాహకులకు ఫోను చేసి అడగండి. ఇంకొక మార్గం: అమ్మగారిని, బాబును, మిమ్మల్ని ద్వారం దగ్గర దించి, మీవారు ఒక్కరే కారు తీసుకెళ్లి దూరంగా ఆపుకుని రావాలి. మేము ఆ తరువాత ఎక్కడికి వెళ్లినా అదే చేస్తున్నాం.

అడుగులవాడు
గోధూళి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. నేను పెద్దవాళ్ల సంగతి ఆలోచించకుండా రాశాను, మన్నించండి. దించి వెళ్లడం అన్నిటికంటే మంచిది. దూరంగా ఆపే మనిషి ఒక్కడే అయితే పదిహేను నిమిషాల నడక ఒక లెక్క కాదు.

దారిలెక్క
వచ్చేటప్పటి సంగతి.

తొమ్మిదిన్నరకు అందరూ లేస్తారు. బస్సుకు 35 మంది పడతారనుకుందాం. పది నిమిషాలకొక బస్సు అంటే గంటకు 210 మంది. షటిల్ కోసం 400 మంది వచ్చారంటే చివరివాడు రెండు గంటల దాకా నిలబడాలి. పైగా బస్సు కూడా అదే రద్దీలో ఇరుక్కుంటుంది, ఇరవై నిమిషాల చుట్టు నలభై అవుతుంది. అప్పుడు ఎడం ఇరవై నిమిషాలు.

అందుకే స్టాపు దగ్గరికి వెళ్లగానే వరుసలో చేరకండి, ముందు తలలు లెక్కపెట్టండి. మీ ముందున్న మందిని 35తో భాగిస్తే ఎన్ని బస్సులు ముందే నిండిపోతాయో తెలుస్తుంది, దాని తరువాతిది మీ బస్సు. మీది ఎన్నో బస్సో ఆ అంకెను ఎడంతో హెచ్చించండి. మీ అమ్మగారి నడక 35 నిమిషాలు, బస్సు ప్రయాణం 8. అంటే నిరీక్షణ 27 నిమిషాలు దాటితే నడిచినా అదే సమయం. పది నిమిషాల ఎడంతో రెండు బస్సులు, అంటే ముందు 70 మంది లోపు ఉంటే నిలబడవచ్చు. ఎడం ఇరవై అయితే ఒక్క బస్సే, 35 మంది లోపు. మీకు, మీవారికి అయితే నడక 15 నిమిషాలే కాబట్టి, బస్సు ఎదురుగా నిలబడి సీటు కనిపిస్తే తప్ప ఎక్కడంలో లాభం లేదు.

ఇందులో ఇంకొకటి కలపాలి. రవాణా ప్రణాళికలు వేసేవాళ్లు నిలబడి ఎదురుచూసే ఒక నిమిషాన్ని బస్సులో కూర్చున్న రెండు నిమిషాలతో సమానంగా లెక్కిస్తారు. మీ అమ్మగారికి నిలబడడమే నొప్పి కాబట్టి ఆ బరువు ఇంకా ఎక్కువ.

దగ్గర పార్కింగ్ దొరికినవాళ్లు అదృష్టవంతులని అనుకోకండి. 600 కార్లకు బయటికి ఒకటే దారి ఉంటే, కారుకు పది సెకన్లు చొప్పున నిమిషానికి ఆరు కార్లు వెళ్తాయి. చివరి కారు బయటపడేసరికి వంద నిమిషాలు. మధ్యలో ఆపినవాళ్లకు యాభై. దారి దగ్గర చీటీ చూడడం మొదలుపెడితే ఇంకా ఎక్కువ. దూరపు పార్కింగ్‌కు జనం నడిచి, బస్సెక్కి, కొందరు ముందు కొందరు వెనక చేరతారు కాబట్టి అక్కడ దారి ఒకేసారి మూసుకుపోదు. అది మీ ఇంటివైపు ఉంటే ఇంకా మంచిది. కారును వెనక్కి నడిపి, ముందుభాగం బయటికి ఉండేలా ఆపుకోండి.

మేఘమాల
ఇంత లెక్క ఎందుకండీ, కార్యక్రమం ముగియడానికి పావుగంట ముందే లేచి వచ్చేస్తే వరుసే ఉండదు.

వెన్నెలవాకిలి
మేఘమాల గారూ, అది నా వల్ల కాదు. పోయినసారి మొదటి రెండు పాటలు పోయాయి, ఈసారి చివరి పాట కూడా పోగొట్టి అమ్మను తీసుకురాలేను. పావుగంట ముందు లేవాలంటే వరుసలో అందరి కాళ్ల మీదుగా ఆమెను నడిపించాలి కూడా.

గోధూళి
ముందు లేవకండి, వెనక లేవండి. అందరూ వెళ్లిపోయేదాకా కుర్చీలోనే కూర్చోండి. మేము అరగంట కూర్చుంటాం. నాన్న ఆ అరగంట విన్నదాని గురించి మాట్లాడుతూ ఉంటారు.

దారిలెక్క
అరగంట కూర్చోవడం బాగుంటుంది, కానీ రెండు విషయాలు కనుక్కోవాలి. హాలు ఎంతసేపటికి ఖాళీ చేయమంటారు, చివరి షటిల్ ఎప్పుడు. చివరి బస్సు వెళ్లిపోయాక కూడా పార్కింగ్ తెరిచే ఉంటుందో లేదో అడగండి. తాళం వేసే చోట్లు ఉన్నాయి.

వెన్నెలవాకిలి
(ఆదివారం) వెళ్లి వచ్చాం. ఏమి జరిగిందో రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

ఐదుంబావుకు ఫోను చేసి అడిగితే షటిల్ మెట్టు ఎత్తుగానే ఉంటుందన్నారు. అందుకని గోధూళి గారు చెప్పినట్టే చేశాం. ఐదూ యాభైకి ద్వారం దగ్గర మేము ముగ్గురం దిగాం. మావారు దూరపు పార్కింగ్‌కు వెళ్లారు. అక్కడ సగం ఖాళీగానే ఉందట. కారు ముందుభాగం బయటికి పెట్టి, వరుస చివర ఉన్న స్తంభం మీద అంకెను ఫొటో తీసుకున్నారు. బస్సు అప్పుడే కదిలిపోయిందని చూసి నడిచే వచ్చారు. ఆరూ పదిహేనుకు మా పక్కన కూర్చున్నారు. మొదటి పాట మొదలయ్యేటప్పుడు అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ ఒక్క క్షణానికి ఇంత లెక్క వేసినా నాకు సంతోషమే.

వచ్చేటప్పుడే పొరపాటు జరిగింది. మావారు కారు తీసుకుని అదే ద్వారానికి వస్తే ఎక్కిద్దామనుకున్నాం. కార్యక్రమం అయ్యాక ఆ రోడ్డును అడ్డుకట్టలు పెట్టి కార్లకు మూసేశారు, జనం నడవడానికి. దించడానికి ఉన్న దారి ఎక్కించుకోవడానికి లేదు. మావారికి ఫోను చేస్తే కలవడం లేదు, అంత జనంలో అందరూ ఫోన్లు చేస్తున్నారు. షటిల్ వరుస లెక్కపెట్టాను. 140 దాకా వచ్చి ఆపేశాను. అంటే ఐదో బస్సు.

అప్పుడు మా అబ్బాయి «నాన్న మూల మీద ఎర్ర దీపాల దుకాణం దగ్గర ఉంటానన్నాడు కదా» అన్నాడు. దించేటప్పుడు మావారు మాటవరసకు అన్న మాట, నేను వినలేదు, వాడు విన్నాడు. మూడు వందల మీటర్లు. అమ్మ రెండుసార్లు గోడ గట్టు మీద కూర్చుని, పన్నెండు నిమిషాల్లో నడిచింది. కారు అక్కడే ఉంది. పదీ ఐదుకు రోడ్డెక్కాం.

దారిలెక్క
అడ్డుకట్టల సంగతి నేను ముందే చెప్పాల్సింది, అది నా లోపం. ముగింపు వేళ ద్వారం ముందు రోడ్డును మూయడం మామూలే. ఎక్కించుకునే చోటు దించిన చోటు కాకుండా, అడ్డుకట్టలకు బయట, మూడు నాలుగు వందల మీటర్ల అవతల, కూర్చోవడానికి ఏదైనా ఉన్న మూల అయి ఉండాలి. దాన్ని ఫోను మీద ఆధారపడకుండా వెళ్లేటప్పుడే వేలు చూపి అందరికీ చెప్పుకోవాలి.

కిటికీపక్కసీటు
బాగుంది. కానీ ఒక్క సందేహం ఉండిపోయింది. దగ్గర పార్కింగ్‌లో ఆపిన మా తమ్ముడు కూడా అదే కార్యక్రమానికి వెళ్లాడు. తొమ్మిదీ నలభైకే బయటపడ్డానంటున్నాడు. వంద నిమిషాల లెక్క ఎక్కడ తప్పింది?

దారిలెక్క
ఏ వరుసలో ఆపాడో అడగండి. బయటికి వెళ్లే దారి పక్కన ఆపినవాడికి ఆ వంద నిమిషాల్లో మొదటి ఐదు నిమిషాలే తగులుతాయి. లేదా రెండో దారి తెరిచి ఉండవచ్చు. అది తెలియకుండా నేను ఏమీ చెప్పలేను.

కిటికీపక్కసీటు
అడిగాను. దారి పక్కనేనట. నాలుగింటికే వెళ్లాడట.

అడుగులవాడు
అయితే రాత్రి మిగిలిన గంటను అతను సాయంత్రమే కారులో కూర్చుని గడిపాడు. దాన్ని లాభమంటారో నష్టమంటారో, నాకైతే ఇంకా తేలలేదు.